యా ఊరి టైము

జీవమ్మక్కను గురించి చెప్పాలంటే ఆమె చేతి గడియారంతో మొదలుపెట్టాల. రాజంపేటలో మా ట్రావెల్స్ ఆఫీసుకు ఎప్పుడొచ్చి చూసినా ఆ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక్కే ఉంటాది. చెడిపోయింది అనుకునేరు. దానికేం రోగం లేదు. అది కువైటు టైము. ఆమె ఆడ పదేండ్లు అరబ్బుల ఇంట్లో వంట చేసి వచ్చింది. వచ్చినాక గూడా ముల్లు తిప్పలేదు.

"ఏమక్కా, మనిషి ఈడుంటే పానం ఆడుండాదా?" అని నేను ఎకసెక్కాలాడేవాణ్ణి.

"నోర్ముయ్ కంబన్నా. నాకు ఫోన్లు చేసే ఆడబిడ్డలంతా ఆడనే ఉండారు. వాళ్లకు తెల్లారిందో లేదో, వంటింటి పని తీరిందో లేదో తెలియకుంటే నేనెట్ల మాట్లాడేది?" అనేది.

నేను ఆ ఆఫీసులో డ్రైవరును. నాకు కోపం ముక్కు మీదుంటాదని అందరూ అంటారు. ఉంటే ఉండనీ. చెన్నై విమానాశ్రయం బయట ఎండలో నిలబడి, అట్ట మీద ఎవరిదో పేరు పట్టుకోని, పార్కింగోడితో తిట్లు తినేవాడికి కోపం రాక కొబ్బరి నీళ్లొస్తాయా? అయితే ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నా కోపం యాడ పెట్టాలో నాకే తెలియక కొట్టుకుంటాండా. ఎవరి మీద చూపీమంటారు చెప్పండి. అందుకే ఉన్నదున్నట్టు చెప్తా, మీరే చూసుకోండి.

మా పక్క నుంచి కువైటుకు, మస్కట్టుకు పోయే ఆడోళ్లు శానా మంది. తిరిగొచ్చేటప్పుడు చెన్నైలో దిగుతారు. దిగినోళ్లను కోడూరు మీదుగా ఇంటికి చేర్చేది మా పని. జీవమ్మక్క మా ఆఫీసులో ఫోన్ల దగ్గర చేరిన కొత్తల్లో బుకింగులన్నీ ఫోన్లోనే జరిగేవి. ఆమె మొగుడు జ్వరమొచ్చి చనిపోయినాక కువైటుకు పోయింది. ఇద్దరు పిల్లోళ్లను చదివించుకోని, మోకాళ్లు అరిగిపోయినాక వచ్చేసింది. ఆమె గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో పాడితే పాట ఒగ పక్కకు, ఆమె ఒగ పక్కకు పోతారు. కానీ ఫోన్లో ఆ గొంతు వింటే ఆడున్న ఆడబిడ్డలకు ధైర్యం. ఇంట్లో చెప్పుకోలేనివి గూడా ఆమెకు చెప్పుకునేవాళ్లు. తిట్టేది, ఏడిస్తే ఊరుకోబెట్టేది, కారు పంపేది.

తర్వాత మా ఓనరు రామకృష్ణప్పకు ఇంటర్నెట్టు పిచ్చి పట్టుకుంది. కువైటులో ఉన్నోళ్లు ఫోన్లోనే కారు బుక్ చేసుకునేట్టు ఒగ వెబ్‌సైటు చేయించినాడు. కడపలో మధులత అని ఒగ పాప ఉండాది, సాఫ్ట్‌వేర్ పని చేస్తాది, ఆమె చేసింది. మంచి పిల్ల. మాట నెమ్మది. మా ఆఫీసుకొస్తే జీవమ్మక్క పుదీనా వేసిన టీ ఇచ్చి కూర్చోబెట్టుకునేది.

మొదట్లో బాగానే నడిచింది. టైము ఏది కొడితే అదే మా స్క్రీను మీద కనపడేది. అయితే ఒగరు కువైటు టైము కొట్టేవాళ్లు, ఒగరు మన టైము కొట్టేవాళ్లు. జీవమ్మక్క ఫోన్ చేసి కనుక్కోని సరిచేసేది. అప్పుడు మధులత వచ్చి, "అక్కా, మీకెందుకీ తిప్పలు? మిషనే లెక్క వేసేట్టు చేస్తా" అంది.

ఎట్ల చేసిందో ఆ పొద్దు టీ తాగుతా మాకు చెప్పింది. నాకు అర్థమైనంత చెప్తా. ఫోనుకు తాను యా దేశంలో ఉండాదో తెలుసంట. ఆ దేశం గడియారాన్ని బట్టి, కొట్టిన టైమును ప్రపంచానికంతా ఒగటే ఉండే టైములోకి మార్చి దాచిపెడతాదంట. చూసేటప్పుడు ఎవరి ఊరి టైములో వాళ్లకు చూపిస్తాదంట. కువైటులో ఎనిమిది కొడితే మా స్క్రీను మీద పదిన్నర పడతాది.

"అయితే ఇంగ మనోళ్లకు నేను ఏమని చెప్పాల?" అని జీవమ్మక్క అడిగింది.

"మీ ఫోన్లో యా టైము నడుస్తాందో ఆ టైమే కొట్టమను అక్కా. మిగతాది మిషను చూసుకుంటాది."

జీవమ్మక్కకు ఎంత సంతోషమో. ఎవరు ఫోన్ చేసినా అదే మాట చెప్పేది. "ఆడి టైమే కొట్టు బిడ్డా, మిషనే మార్చుకుంటాది" అని. ఆ మాట ఎంతమందికి చెప్పిందో.

వరమ్మకు గూడా అదే చెప్పింది.

వరమ్మది మా మండలంలోనే ఒగ పల్లె. ఆమె మొగుడు ఏసన్న. వాడి పేరు చెప్తే పల్లెలో పిల్లోళ్లు గూడా ఇంట్లోకి పరిగెత్తుతారు. తాగినా కొడతాడు, తాగకున్నా కొడతాడు. ఒగసారి రోకలితో ఆమె చెయ్యి విరగ్గొట్టినాడు. ఆ చెయ్యి అతుక్కున్నాక ఆమె కువైటుకు పోయింది. అందరూ సంపాదించుకోడానికి పోయింది అనుకున్నారు. పానం దక్కించుకోడానికి పోయిందని జీవమ్మక్కకు తెలుసు. ఆమె బిడ్డ కడపలో హాస్టల్లో చదువుకుంటాది. ఇప్పుడు ఏసన్న ఆ బిడ్డను చదువు మాన్పించి ఇంటికి తెచ్చుకుంటానని కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి వరమ్మకు కంటి మీద కునుకు లేదు.

"అక్కా, నేనొచ్చేది ఎవరికీ తెలియగూడదు. చెన్నైలో దిగతానే నీ కారెక్కి నేరుగా కడపకు పోతా. బిడ్డను తీసుకోని నందికొట్కూరులో మా అక్క దగ్గరికి పోతా. వానికి తెలిసిందంటే ఈసారి నన్ను బతకనీడు" అని ఫోన్లో చెప్పింది. నేను పక్కనే ఉన్నా. 

ఇంగో సంగతి గూడా చెప్పింది వరమ్మ. ఆమె ఫోను పనిచేసే ఇంటి మేడమ్ దగ్గర ఉంటాదంట. ఇప్పుడు మాట్లాడేది గూడా పక్కింట్లో పనిచేసే ఇంగో అమ్మి ఫోన్ నుంచంట, దాన్నుంచే బుక్ చేస్తానని, ఆ ఫోన్‌కు ఎవరూ చెయ్యొద్దని చెప్పింది. ఎవరి చెవినన్నా పడితే కువైటులో ఉండే మనోళ్ల నుంచి రాజంపేటకు మాట రావడానికి అరగంట పట్టదు. నిజమే.

బుకింగ్ వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు, చెన్నై. ఫ్లైటు నెంబరు రాసే చోట ఏమీ రాయలేదు. రాయాల్సిన పని లేదని వెబ్‌సైటులో ఉండింది. రాస్తే ఎవరన్నా చూస్తారేమోనని భయపడిందేమో పాపం.

ఆ బుకింగ్ వచ్చిన కొద్ది రోజులకే మస్కట్టు నుంచి వచ్చిన ఒగ పెద్దాయన మా ఆఫీసుకొచ్చి మా పరువు తీసినాడు. దిగినాక గంటన్నర ఎండలో నిలబడినాడంట. "ఇదేమన్నా ట్రావెల్సా? దీని కన్నా ఎర్రబస్సు నయం" అని ఎగిరినాడు. జీవమ్మక్కకు అనుమానమొచ్చి మధులతను పిలిపించింది.

మధులత ఆయన టికెట్టు చూసింది, స్క్రీను చూసింది. 

"అక్కా, నేను తప్పు చేసినా" అంది.

"ఏం తప్పు పాపా? నువ్వు చెప్పినట్టే మార్చింది గదా మిషను."

"మార్చగూడని చోట మార్చింది అక్కా. టికెట్టు మీద బయలుదేరే టైము ఆ ఊరి టైములో ఉంటాది. దిగే టైము దిగే ఊరి టైములో ఉంటాది. ఈయన టికెట్టు మీద ఉన్న చెన్నై టైమును చూసి కొట్టినాడు. ఫోన్ మస్కట్టులో ఉండాది కాబట్టి, అది మస్కట్టు టైము అనుకోని మిషను ఇంగా గంటన్నర కలిపింది. ఆయన ఫోన్లో మళ్లా మస్కట్టు టైములోకి తిప్పి చూపించింది గాబట్టి ఆయన కొట్టిందే ఆయనకు కనపడింది. తప్పు పడిందని ఆయనకు తెలిసే దారి లేదు."

నాకు కోపమొచ్చింది. "ఏందమ్మా ఇది, కారు చెన్నైలో నిలబడేదయితే చెన్నై టైమే అడగొచ్చు గదా?" అంటి.

"అదే అన్నా. అడగాల్సింది అదే. కారు నిలబడే ఊరి టైము కావాల. బుక్ చేసేవాళ్లు యా దేశంలో ఉన్నా సరే" అని తల వంచుకుంది. ఇంగ ఆ పిల్లను ఏమనాల? 

ఆ రాత్రే కడపకు పోయి సరిచేసింది. ఇప్పుడు వెబ్‌సైటులో "చెన్నైలో దిగే టైము, టికెట్టు మీద ఉన్నట్టే" అని అడుగుతాది. ఫోన్ యాడున్నా పట్టించుకోదు. కొట్టిన టైమునూ, దాని పక్కన ఊరి పేరునూ కలిపి దాస్తాది. ఎన్ని గంటలు తేడా అనే లెక్క మాత్రం దాస్తే చాలదంట. లండన్‌లో నర్సుగా చేసే పాపలకు వేసవిలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటలు తేడా, చలికాలంలో అయిదున్నర. అందుకని ఊరి పేరే పెట్టాలంట. ఇంగ చూపించేటప్పుడు రెండూ చూపిస్తాది, చెన్నై ఇంత, నువ్వుండే ఊర్లో ఇంత అని. మా స్క్రీను మీద గూడా ప్రతి టైము పక్కన "చెన్నై టైము" అని పడతాంది. చూస్తే కడుపు నిండింది నాకు.

అయితే పాత బుకింగులు ఉండాయి గదా. అవి వేరే మాదిరి. మర్నాడు మళ్లా వచ్చి మధులత దాన్నే పట్టుకుంది.

"అక్కా, ఇంతకు ముందు చేసుకున్నోళ్లవి నేను సరిచెయ్యలేను. వాళ్లు ఏం కొట్టినారో, యా ఊరి టైము అనుకోని కొట్టినారో నేను దాచలేదు. లెక్క వేసినాక వచ్చిందే దాచినా. నీ మాట విని కువైటు టైము కొట్టినోళ్లవి సరిగ్గా ఉంటాయి. టికెట్టు చూసి కొట్టినోళ్లవి రెండున్నర గంటలు ఆలస్యంగా ఉంటాయి. చూస్తే రెండూ ఒగటే మాదిరి కనపడతాయి. ప్రతి ఒక్కరినీ అడగాల్సిందే."

జీవమ్మక్క కూర్చోని అందరికీ ఫోన్లు చేసింది. సగం మందివి తప్పే. అన్నీ సరిచేయించింది. చివరకు వరమ్మది మిగిలింది. ఫోన్ చెయ్యొద్దని చెప్పింది గదా.

ఆ పొద్దు జీవమ్మక్క స్క్రీను ముందర కూర్చోని ఆ ఒగ వరసనే చూస్తాండింది. వరమ్మ, మధ్యాహ్నం ఒంటిగంట, పక్కన "చెన్నై టైము". కొత్తగా పడిన ఆ రెండు మాటలు పాత టైము పక్కన గూడా పడినాయి. తప్పయినా ఒప్పయినా పక్కన ఊరి పేరు ఉంటే నమ్మబుద్ధి అయితాది. నాకైతే అదే మాదిరి అనిపించింది.

"ఏమంటావు కంబన్నా?" అని అడిగింది.

"నేనేమంటా అక్కా. నువ్వే చెప్పినావు గదా ఆమెకు, ఆడి టైము కొట్టమని?"

"చెప్పినా. రెండు సార్లు చెప్పినా. బాగా ఇనే పిల్ల, చెప్పింది చెప్పినట్టే చేస్తాది." తన గడియారం చూసుకుంది. "ఆడి టైము పదిన్నర కొట్టుంటాది. అంటే ఈడ ఒంటిగంట. సరిగ్గానే ఉండాది."

అప్పుడు ఎవరికీ తట్టనిది ఏందంటే, వరమ్మ విమానం ఎక్కి పోయిందే గానీ ఒక్కసారి గూడా తిరిగి రాలేదు. టికెట్టు మీద దిగే టైము దిగే ఊరిదని ఆమెకు ఎవరు చెప్పినారు? టికెట్టు మీద పదిన్నర ఉండాది. ఆడి టైము కొట్టమన్నారు. కువైటులో తీసిన టికెట్టు మీద ఉండేది ఆడి టైము గాక ఇంగేమవుతాది అనుకునింది. జీవమ్మక్క చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేసింది. అందుకే తప్పయ్యింది.

మిషను ఇంగో పని గూడా చేసింది. పాత బుకింగులు అన్నిటికీ కొత్తగా మెసేజీలు పంపింది, చెన్నై టైము ఇంత, కువైటు టైము ఇంత అని. వరమ్మకు చూపించాల్సిన మెసేజీ పక్కింటి అమ్మి ఫోన్‌కు పోయింది. ఆ అమ్మి చూసింది గూడా. సెలవు రోజు కలిసినప్పుడు చెప్దామనుకునిందంట. ఆ సెలవు రోజు వచ్చేలోపే వరమ్మ విమానమెక్కింది.

వరమ్మ దిగే రోజు నేను పొద్దునే బయలుదేరినా. కోడూరు దాటినాక మామిడి తోటల్లో మంచు కూడా ఇంగా విడవలేదు. ఎందుకో పొద్దుట్నుంచి మనసు బాగలేదు. జీవమ్మక్క రెండు సార్లు ఫోన్ చేసింది. "యాడుండావు? నిదానంగా పో, కానీ ఆగొద్దు" అని. ఎప్పుడూ అట్ల చెయ్యదు. రెండోసారి నేను విసుక్కుంటి. "పోతాండా గదక్కా! ఎగిరిపోమంటావా?" అని.

ఒంటిగంటకు ముందే అట్ట పట్టుకోని నిలబడినా. వరమ్మ అని పెద్దక్షరాలతో రాసినా. ఒంటిగంట అయ్యింది. అయిపోయింది. బయటికొచ్చే వాళ్లలో సింగపూరోళ్లు, దుబాయోళ్లు. కువైటోళ్లు ఒగరూ లేరు. పెద్ద మూటలు, తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, ఏడ్పు మొగాలు, కువైటు విమానం వచ్చిందంటే దూరం నుంచే తెలుస్తాది నాకు. అవేవీ లేవు.

 జీవమ్మక్కకు ఫోన్ చేసినా. ఆమె మధులతను కలిపింది. ముగ్గురం లైన్లో ఉండాము.

"కువైటు నుంచి ఒంటిగంటకు విమానమే లేదు అన్నా" అనింది మధులత. కీబోర్డు టకటకలు వినపడతాండాయి. "పొద్దున పదిన్నరకు ఒగటి దిగింది. అంతే." గొంతు చిన్నదయ్యింది. "అక్కా, ఇది నేను ముందే చూడాల్సింది. పాతవి అన్నిటికీ విమానాల టైములతో సరిచూడాల్సింది."

జీవమ్మక్క తనలో తాను లెక్క వేసుకుంటాంది. 

"అక్కా?" అంటి.

"పదిన్నర" అనింది ఆమె. "ఓ దేవుడా. అది టికెట్టు మీది పదిన్నర."

నేను ట్రాలీలు తోసే పిలగాడి దగ్గరకు పోయి అడిగితి. తెలుగు రాదు, నా అరవం వాడికి అర్థం కాదు. సైగలు చేసి చెప్పినా. నల్ల బుర్ఖా లాంటిది వేసుకోని, పెద్ద దుప్పటి సంచి పట్టుకోని ఒగ ఆడమనిషి ఆ స్తంభం దగ్గర శానాసేపు కూర్చోనుండింది అని చెప్పినాడు. లేచి, చూసి, మళ్లా కూర్చుంటా ఉండిందంట. తర్వాత ఒగ జీపులో ఎక్కింది. జీపులో వాళ్లు ఆంధ్రావాళ్లే అన్నాడు.

ఆంధ్రావాళ్లే. అంటే ఏసన్న చెవిన పడినట్టే అని జీవమ్మక్కకు ఫోన్లో చెప్పి కారు తీసినా.

తర్వాత తెలిసింది. ఆ విమానంలోనే వాళ్ల పల్లె వాళ్లు ఇంగొగరు వచ్చినారు. వాళ్లకోసం ఆ పల్లెవాడే రంగస్వామి జీపు తీసుకోని వచ్చినాడు. వాడు మంచోడే. వాడికి ఏసన్న సంగతి ఊర్లో అందరికీ ఎంత తెలుసో అంతే తెలుసు, మొగుడూ పెండ్లాల గొడవ అనుకునేవాడు. మా పక్క ఒగ మాట ఉండాది, ఊరి ఆడమనిషి విమానాశ్రయంలో ఒగతే కనపడితే ఇడిచిపెట్టి వచ్చేది లేదు. ఇడిచిపెడితే ఊర్లో మొగం చూపలేము. "ఏమ్మా వరమ్మా, ఒగతే కూర్చున్నావే? ఎవురూ రాలేదా? రా, మన జీపే గదా" అని సామాన్లు పట్టుకోని ఎక్కించినాడు. ఆమె వద్దనిందంట. కారొస్తాది అనిందంట. మాకు చేద్దామంటే చేతిలో ఫోన్ లేదు, అది మేడమ్ దగ్గరే ఉండిపోయింది. "ఏం కారమ్మా, ఇంతసేపటికి రానిది ఇంగెప్పుడొస్తాది?" అని నవ్వినాడంట. అంతకు మించి వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాల్సొస్తాది. ఎక్కింది.

దారిలో రంగస్వామి ఏసన్నకు ఫోన్ చేసినాడు. "మీ యామెను పట్టుకొస్తాండా. కోడిని కొయ్యప్పా!" అని. సంతోషంగా. 

నేను ఎట్ల నడిపినానో నాకే తెలియదు. పొద్దు గుంకేటప్పటికి రాజంపేటకు వచ్చి జీవమ్మక్కను ఎక్కించుకున్నా. ఆమె ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉండింది, చెప్పులు గూడా సరిగ్గా వేసుకోలేదు. పోలీసుల దగ్గరికి పోదామంటి. "పోయినా. మనిషి కువైటు నుంచి వచ్చిందని రుజువేముందని అడిగినారు. నువ్వు పల్లెకు తిప్పు" అనింది. అంతే. 

పల్లెలో అందరి ఇండ్లల్లో దీపాలు పెడతాండారు. ఏసన్న ఇంటి ముందర మంచం మీద కూర్చోనుండాడు. తాగలేదు. చొక్కా తొడుక్కోనుండాడు. మమ్మల్ని చూసి లేచి నమస్కారం పెట్టినాడు.

"రా అక్కా. ఎవరు గావల్ల?"

"వరమ్మ."

"వరమ్మ కువైటులో ఉండాది గదక్కా. ఇంగా రెండేండ్లకు గానీ రాదు." నెమ్మదిగా చెప్పినాడు. అట్ల నెమ్మదిగా చెప్పడం వినలేక నేను ముందుకు పోయినా. జీవమ్మక్క నా చెయ్యి పట్టుకోని ఆపింది.

ఆమె వాడిని చూడలేదు. వాడి వెనక మంచం చూస్తాండింది. మంచం మీద మడత విప్పని దుప్పటి ఉండాది. పులి బొమ్మ వేసిన మందపాటి కువైటు దుప్పటి, ప్లాస్టిక్ సంచి, దానికి జిప్పు. జీవమ్మక్క తాను వచ్చేటప్పుడు ఊరందరికీ అట్లాంటివే తెచ్చింది. విమానంలో వేసే సామాన్లకు కట్టే చీటీ దాని పిడికి ఇంగా వేలాడతాండింది.

జీవమ్మక్క ఏం చేసిందో తెలుసునా? ఆ గుమ్మం ముందర, ఆ మట్టిలో, చతికిలబడి కూర్చుంది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఫోన్ తీసి పోలీసులకు చేసి, రుజువుగా ఆ చీటీ సంగతీ, ఇంటి గుర్తులూ చెప్పింది. "మీరొచ్చేదాకా నేను ఈన్నుంచి లెయ్యను" అనింది. ఏసన్న మంచిగా చెప్పినాడు, తిట్టినాడు, రాయి ఎత్తినాడు. నేను అడ్డం నిలబడినా. ఆమె ఒక్కసారి గూడా వాడి మొగం చూడలేదు. గొంతెత్తి, చర్చిలో ఎట్ల పాడుతాదో అంత పెద్దగా, "వరమ్మా! నేను జీవమ్మను! ఈడనే ఉండా బిడ్డా!" అని పిలుస్తానే ఉండింది. చుట్టుపక్కల వాళ్లంతా బయటికొచ్చినారు. లోపల నుంచి మాట రాలేదు.

పోలీసులు వచ్చి లోపలి గది తాళం పగలగొట్టినారు. పానంతో ఉండాది. అది చాలు అనుకున్నాము. అతుక్కున్న చెయ్యి మళ్లా విరిగింది. ఒగ కన్ను తెరవడానికి లేదు, ఆ కన్ను ఇంగ రాదని తర్వాత డాక్టరు చెప్పినాడు. ఏసన్నను తీసుకుపోయినారు. కడపలో బిడ్డను ఆ రాత్రికే మధులత హాస్టలు నుంచి తనింటికి పిలుచుకుపోయింది.

ఇప్పుడు వరమ్మ, బిడ్డ, నందికొట్కూరులో ఉండారు. మధులత అప్పటి నుంచి ప్రతి బుకింగుకూ ఫ్లైటు నెంబరు రాయకుంటే ముందుకు పోనీదు. దిగే టైమును విమానం టైముతో సరిపోల్చి, తేడా ఉంటే ఎర్రగా చూపిస్తాది. ఎవరు ఏం కొట్టినారో అట్లనే దాస్తాది. జీవమ్మక్క మాత్రం అవన్నీ ఉన్నా గూడా ఫోన్లో ప్రతి ఒక్కరినీ అడుగుతాది, "యా ఊరి టైము బిడ్డా?" అని. గడియారం తీసి బీరువాలో పెట్టేసింది. మణికట్టు మీద తెల్లటి గుర్తు మిగిలింది. నేను ఎకసెక్కాలాడడం మానేసినా.

ఇంగొగ సంగతి. మా స్క్రీను మీద ఆ ట్రిప్పు ఇప్పటికీ ఉండాది. దాని పక్కన పచ్చగా "టైముకు చేరింది" అని పడి ఉండాది. మిషను లెక్కలో నేను అరగంట ముందే పోయినా గదా. మధులత దాన్ని తీసేస్తానంటే జీవమ్మక్క వద్దనింది.

ఆమె దొరికిన మర్నాడు ఆస్పత్రిలో వరమ్మ మెలకువకు వచ్చి, ఉన్న ఒక్క కంటితో జీవమ్మక్కను చూసింది. పెదాలు పగిలి ఉండాయి. మాట కష్టంగా వచ్చింది.

"నువ్వు చెప్పినట్టే టైము కొట్టినానక్కా. శానాసేపు చూస్తి. కారు ఎందుకు రాలేదు?"

జీవమ్మక్క ఆమె చెయ్యి పట్టుకుంది. 

"వచ్చింది బిడ్డా. నువ్వు పెట్టిన టైముకే వచ్చింది. అది యా ఊరి టైమో నేను నిన్ను అడగలేదు."

వరమ్మకు ఆ మాట అర్థం గాలేదు. నాకు అర్థమయ్యి, బయటికి వచ్చేసినా.